మకాము, హాల్: సూఫీ మనశ్శాస్త్రంలో ఆర్జితమూ అనుగ్రహమూ

తెలుగులో ‘మకాం’ అంటే ప్రయాణంలో కొన్నాళ్లు ఆగిన చోటు. ఈ మాట అరబ్బీ నుండి వచ్చినదే. అయితే సూఫీ సిద్ధాంత గ్రంథాల్లో దీనికి తాత్కాలికమైన బస అనే అర్థం లేదు. సాధకుడు తన ప్రయత్నంతో చేరుకొని, దాని విధులన్నీ నెరవేర్చేవరకూ నిలబడవలసిన స్థానమే మకాము. దీనికి జంటగా వచ్చే మాట ‘హాల్’. ప్రయత్నంతో నిమిత్తం లేకుండా హృదయంలోకి దిగివచ్చే స్థితి అది. ఆనందం, భయం, తపన, సంకోచం వంటివి ఈ కోవలోనివి. 1045 ప్రాంతంలో తన ‘రిసాలా’ రచించిన ఖుషైరీ ఈ భేదాన్ని క్లుప్తంగా స్థిరపరిచాడు. ఆయన దృష్టిలో మకాములు ఆర్జించుకునేవి, హాల్‌లు దానంగా లభించేవి.

అంతకుముందే 988లో మరణించిన అబూ నస్ర్ సర్రాజ్, ‘కితాబుల్ లుమా’లో ఏడు మకాములను వరుసగా వివరించాడు. పశ్చాత్తాపంతో మొదలయ్యే ఆ వరుస సహనం, దైవంపై భారం వేయడం మీదుగా సాగి, ‘రిజా’ అనే సంతృప్తితో ముగుస్తుంది. విద్యార్థి ఈ పట్టికను కంఠస్థం చేయడం కంటే దాని నియమాన్ని గ్రహించడం ముఖ్యం. ఒక మకాము విధులు పూర్తికాకుండా తరువాతి మకాము సిద్ధించదన్నది ఖుషైరీ పెట్టిన షరతు. పశ్చాత్తాపం కుదరనివాడికి దైవాభిముఖత కుదరదు. హాల్‌కు ఇటువంటి క్రమం లేదు. అది మొదటి మెట్టు మీద ఉన్నవాడికీ కలగవచ్చు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఒకసారి కలిగిన పారవశ్యాన్ని సాధకుడు తాను చేరిన స్థానంగా పొరబడవచ్చు. కనుకనే కొందరు గురువులు హాల్‌ను మెరుపుతో పోల్చి, అది నిలిచి ఉన్నట్టు తోస్తే మనసు తనతో తాను చెప్పుకునే కబురేనని హెచ్చరించారు.

ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో ‘రిజా’ విషయంలో తేలుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు అకాలవర్షానికి తడిసి, రంగు పోయి తాలుకాయలయ్యాయి. రైతు లోపల కుములుతూనే నోరు మెదపలేదు. ఇది ‘సబ్ర్’, అంటే సహనం. ఇందులో చేదు ఉంది, దానిని అదుపు చేసే ప్రయత్నమూ ఉంది. ఏళ్ల తరబడి ఆ అదుపు అలవడిన తరువాత, మరొక వాన వచ్చిన నాడు ఆ చేదే లేకపోయిందనుకుందాం. పంట పోయిందన్న ఎరుక ఉంది, దాని మీద తగవు మాత్రం లేదు. ఇది రిజా. సహనాన్ని అతడు సాధించాడనడంలో సందేహం లేదు. చేదు తొలగిపోవడం కూడా అతడు సాధించినదేనా?

ఈ ప్రశ్న మీదనే ఖురాసాన్, ఇరాక్ సూఫీలు విభేదించారు. ఖురాసానీయులు రిజాను మకాముగానూ, ఇరాకీయులు హాల్‌గానూ లెక్కించారు. ఖుషైరీ రెండింటినీ కలిపాడు. రిజా ఆరంభం సాధకుడు ఆర్జించేది కనుక మకాము, దాని అంతం అతడి చేతిలో లేనిది కనుక హాల్. రాజీ కోసం చెప్పిన మాటగా కనిపించినా, రైతు అనుభవానికి ఇదే సరిపోతుంది. పైగా ఇది మెరుపు ఉపమానాన్నీ సవరిస్తుంది. దేవుడు తనను ఏ స్థితిలో ఉంచినా నలభై ఏళ్లుగా అయిష్టం కలగలేదని అబూ ఉస్మాన్ హీరీ చెప్పుకున్నాడు. రిజా హాల్ అయితే, హాల్ కూడా నిలవగలదనడానికి ఈ మాట సాక్ష్యమవుతుంది. కనుక కాలపరిమాణాన్ని బట్టి మాత్రమే రెండింటినీ వేరుచేయడం పాఠ్యపుస్తకాల సౌలభ్యమే. అసలు గీటురాయి అది ఎక్కడి నుండి వచ్చిందన్నది.

ఈ చర్చకు గుంటూరు ప్రాంతంలో ఒక జాడ ఉంది. నగరంలోని కాలే మస్తాన్ షా దర్గా ప్రసిద్ధం. మస్తాన్, మస్తాన్‌వలి, మస్తానమ్మ అనే పేర్లు ఈ ప్రాంతంలో మతభేదం లేకుండా వినిపిస్తాయి. పారశీకంలో ‘మస్త్’ అంటే మత్తులో ఉన్నవాడు. సూఫీ పరిభాషలో ఆ మత్తు ‘సుక్ర్’ అనే హాల్. అంటే ఇక్కడి జనం బిడ్డలకు పెట్టుకున్నది మకాము పేరు కాదు, హాల్ పేరు. ఆ పేరొక్కటే ఏ వలీ సాధనాక్రమాన్నీ నిర్ణయించదు. అయితే గ్రంథాలు ఈ విషయంలో ఒక కట్టుదిట్టమైన తేడా చూపుతాయి. 1234లో మరణించిన షిహాబుద్దీన్ సుహ్రవర్దీ సాధకులను నాలుగు రకాలుగా విభజించాడు. కేవలం మెట్లెక్కినవాడు ‘సాలిక్’, మెట్లు లేకుండానే ఆకర్షింపబడినవాడు ‘మజ్జూబ్’. తక్కిన ఇద్దరిలో రెండు అనుభవాలూ ఉంటాయి, వాటి క్రమం మాత్రం వేరు. సుహ్రవర్దీ గురుపీఠానికి కేవల సాలిక్‌ను గానీ, కేవల మజ్జూబ్‌ను గానీ అంగీకరించలేదు. ముందు ఆకర్షణ కలిగి, ఆ తరువాత తిరిగివచ్చి మకాములన్నీ నడిచినవాడికే అగ్రస్థానం ఇచ్చాడు. మజ్జూబ్ గమ్యాన్ని చూసినవాడే, కానీ దారి నడవలేదు కనుక మరొకరిని ఆ దారిన నడిపించలేడు.