పేరు ఒకటే, ఊరు వేరు

హాల్ టికెట్ మీద పరీక్షా కేంద్రం చిరునామా సాధారణంగా మూడు నాలుగు వరుసల్లో ఉంటుంది. మొదట కాలేజీ పేరు, ఆ కింద గ్రామం, మండలం, జిల్లా, చివర పిన్ కోడ్. చాలామంది చూపు మొదటి వరుస దాటదు. తెలంగాణ ఈఏపీసెట్ లాంటి పరీక్షల్లో చిక్కు వచ్చేది అక్కడే. ఇది కంప్యూటర్ మీద రాసే పరీక్ష. అంతమందిని ఒకేసారి కూర్చోబెట్టగల ల్యాబులు ఎక్కువగా ఇంజినీరింగ్ కాలేజీల్లోనే ఉంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకే యాజమాన్యం, ఇంచుమించు ఒకే పేరుతో, రెండు మూడు చోట్ల కాలేజీలు నడపడం మామూలే. పేరులో ఒక్క మాట తేడా ఉంటుంది. ఊర్ల మధ్య మాత్రం పాతిక ముప్పై కిలోమీటర్ల దూరం ఉండొచ్చు.

భువనగిరికి చెందిన ఒక ఇంటర్ విద్యార్థిని కథ చూస్తే ఇది ఎలా జరుగుతుందో తెలుస్తుంది. కథ కల్పితమే కానీ దారులూ వేళలూ ఉన్నవే. ఆమెకు ఉదయం సెషన్ పడింది. పరీక్ష 9 గంటల నుంచి 12 దాకా, లోపలికి పంపడం 7.30 నుంచి. కాలేజీ పేరు చూడగానే ఇంట్లో అందరికీ ఘట్‌కేసర్ గుర్తొచ్చింది. వరంగల్ రోడ్డు మీద హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఆ కాలేజీ బోర్డు వాళ్లు ఎన్నోసార్లు చూసినదే. మేనమామ కొడుకు చదివిందీ అక్కడే. తెలిసిన చోటే కదా అని ఎవరూ మ్యాప్ తెరవలేదు, ముందురోజు వెళ్లి చూడనూ లేదు. తెలియని ఊరైతే నలుగురినీ అడిగేవాళ్లు.

ఉదయం ఆరున్నరకు తండ్రి బండి మీద బయల్దేరి, మధ్యలో టీకి ఆగి, ఏడూ నలభైకల్లా ఘట్‌కేసర్ క్యాంపస్ గేటు ముందున్నారు. అక్కడా పరీక్ష జరుగుతోంది, అక్కడా పిల్లల వరుస ఉంది. అందుకే అనుమానం రాలేదు. వరుస కదిలి ఆమె వంతు వచ్చేసరికి ఏడూ యాభై ఐదు. సెక్యూరిటీ అతను హాల్ టికెట్ చేతిలోకి తీసుకుని, మొదటి వరుస కాదు, మూడో వరుస చదివాడు.

“గిది మా సెంటర్ కాదమ్మా. కింద సూడు, ఇబ్రహీంపట్నం అని ఉంది.”

“పేరు ఇదే గదా సార్?” అన్నాడు తండ్రి.

“పేరొకటే సార్. కాలేజీలు రెండు.”

ఇక్కడే రాయనివ్వమని ఆమె అడిగింది. ఇలాంటప్పుడు ఎవరైనా అడుగుతారు, కానీ ఆ వీలు ఉండదు. గేటు దగ్గర సరిచూసే జాబితాలో ఆ కేంద్రానికి, ఆ సెషన్‌కు కేటాయించిన వాళ్ల వివరాలే ఉంటాయి. లోపల బయోమెట్రిక్ నమోదూ, కూర్చునే కంప్యూటరూ ఆ జాబితా ప్రకారమే. జాలిపడి ఎవరైనా లోపలికి వదిలినా ఆమె కూర్చోవడానికి సిస్టమ్ ఉండదు. ఓఎంఆర్ షీటు మీద రాసే పరీక్షల్లోనూ అంతే. హాజరు పట్టిక కేంద్రం వారీగానే ఉంటుంది.

చేతిలో ఉన్నది 65 నిమిషాలు. ఘట్‌కేసర్ నుంచి ఇబ్రహీంపట్నం సుమారు 40 కిలోమీటర్లు. తండ్రి ఫోన్‌లో దారి చూస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్తే సమయానికి చేరేలాగే కనిపించింది. కానీ అది కారు లెక్క. ఔటర్ ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. ఆ సంగతి టోల్ దగ్గర తెలిస్తే వెనక్కి తిరగడానికే మరో పది నిమిషాలు పోతాయి. ఇక మిగిలేవి సర్వీసు రోడ్డూ ఊళ్ల మధ్య దారులూ. గంటకు 35 కిలోమీటర్ల వేగం పడినా 70 నిమిషాలు కావాలి. అందుకని బండి అక్కడే పెట్టి క్యాబ్ పిలిచారు. అది వచ్చేసరికి 8.10 అయింది. బొంగులూరు దగ్గర ఔటర్ దిగి, సాగర్ రోడ్డు మీద ట్రాఫిక్ దాటుకుని కాలేజీ కమాను ముందుకు వచ్చేసరికి 8.58. కమాను నుంచి ల్యాబులున్న బ్లాక్ వరకు అర కిలోమీటరు ఉంటుంది, పరీక్ష రోజు వాహనాలను లోపలికి పంపడం లేదు. ఆమె పరుగెత్తి మెట్ల దగ్గరికి చేరేటప్పటికి తొమ్మిదీ రెండు. ఈ పరీక్షలో నిమిషం ఆలస్యమైనా అనుమతి లేదు. సెషన్ మార్చుకునే ఏర్పాటూ లేదు. మళ్లీ ఈఏపీసెట్ రాయాలంటే ఏడాది ఆగాలి.

ఈ లెక్కలో అందరూ మరిచిపోయేది ఆఖరి అర కిలోమీటరు. ఫోన్ చూపే సమయం రోడ్డు మీది గేటు వరకే. అక్కడి నుంచి బ్లాక్, అంతస్తు వెతుక్కోవడం, తనిఖీ, బయోమెట్రిక్ అన్నీ దాని మీద పడే అదనపు నిమిషాలు. కేంద్రం సరిగ్గా తెలిసినవాళ్లకే ఇది గండం, దారి తప్పిన వాళ్ల సంగతి చెప్పేదేముంది.

ఆ అమ్మాయి పొరపాటు హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసిన రోజే బయటపడి ఉండాల్సింది. దానికి పిన్ కోడ్ ఒక్కటి చాలు. కాలేజీ పేర్లు కలుస్తాయి, ఊళ్ల పేర్లూ కలుస్తాయి. ఇబ్రహీంపట్నం అనే ఊరు విజయవాడ పక్కన కూడా ఉంది. పిన్ కోడ్ అలా కాదు. అందులో మొదటి మూడు అంకెలు తపాలా ప్రాంతాన్నీ, చివరి మూడు ఉత్తరాలు బట్వాడా చేసే పోస్టాఫీసునూ చెబుతాయి. ఘట్‌కేసర్‌ది 501301, ఇబ్రహీంపట్నానిది 501506. రెండూ 501తోనే మొదలవుతాయి కాబట్టి ముందు అంకెలు చూసి ఊరుకోకూడదు, తేడా తెలిపేది చివరి మూడే.

మ్యాప్‌లోనూ ఇదే జాగ్రత్త కావాలి. కాలేజీ పేరు మాత్రమే కొడితే ఎక్కువమంది వెతికే క్యాంపస్‌గానీ, నగరంలోని అడ్మిషన్ ఆఫీసుగానీ ముందు రావచ్చు. పేరుతో పాటు గ్రామం, పిన్ కోడ్ కూడా కొట్టి, వచ్చిన చోటి చిరునామాను హాల్ టికెట్‌తో వరుస వరుసా పోల్చాలి. ఒకే ఆవరణలో రెండు కాలేజీలున్నప్పుడు మ్యాప్ కూడా పనికిరాదు. అక్కడికి వెళ్లి చూసుకోవాల్సిందే.

ముందురోజు కేంద్రం చూసి రమ్మని చెప్పేది ఇందుకే. వెళ్తే పరీక్ష రోజు బయల్దేరే వేళకే, అదే బండి మీద వెళ్లాలి. మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద పట్టే సమయం ఉదయం ఆఫీసుల వేళకు సరిపోదు. గేటు దగ్గర హాల్ టికెట్ చూపించి రేపటి పరీక్ష ఇక్కడేనా, ఏ గేటు తెరుస్తారు, బండి ఎక్కడ ఆపాలి అని అడిగితే చాలు. ల్యాబ్ చూపించమంటే ఒప్పుకోరు. దూరం నుంచి వచ్చేవాళ్లు ఆ సాయంత్రమే వచ్చి చూసుకుని దగ్గర్లో బస చేయడం మంచిది. ఆ వీలు లేకపోతే ఆ ఊళ్లో ఉన్న బంధువును పంపవచ్చు, అయితే హాల్ టికెట్ ఫొటో మొత్తం పంపాలి, కాలేజీ పేరు ఫోన్‌లో చెబితే మళ్లీ అదే గందరగోళం.

చూసి వచ్చాక కూడా ఒక పని మిగులుతుంది. అరుదుగానైనా అధికారులు కేంద్రాలను మార్చి హాల్ టికెట్లు మళ్లీ ఇస్తారు. వారం కిందట తీసిన ప్రింటు జేబులో ఉన్నా, పరీక్ష ముందురోజు రాత్రి వెబ్‌సైట్ తెరిచి, ఇప్పుడున్న హాల్ టికెట్‌లోనూ చిరునామా అదేనా అని ఆఖరి వరుస దాకా చదువుకోవాలి.