బస్సు రొదలో ఇయర్‌బడ్స్

ఉప్పల్ నుంచి మెహిదీపట్నం వెళ్లే బస్సులో ఇయర్‌బడ్స్ సత్తా తేలేది ముందు రబ్బరు టిప్పుల దగ్గరే. చెవి సరిగా మూసుకోకపోతే బేస్ పలచబడుతుంది, ఇంజను రొద లోపలికొస్తుంది. పెట్టెలోని సైజులన్నీ మార్చి చూడండి. రెండు చెవులకు వేర్వేరు సైజులు పట్టడం మామూలే.

కాల్ ఎలా ఉందో అవతలివాళ్లకే తెలుస్తుంది. కిటికీ పక్కన కూర్చుని ఇంటికి ఫోన్ చేయండి. పది అంకెలు చదివి, తిరిగి చెప్పమనండి. రొదను తీసేసే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి మాటల చివర్లనూ కోసేస్తుంది; అంకెలు తప్పిపోతే అదీ ఒక కారణం. మైకుకు గాలి నేరుగా తగిలితే ఖరీదైనవీ తడబడతాయి.

పెట్టె మీద పెద్దగా కనిపించే గంటల్లో సాధారణంగా కేసు చార్జింగ్ కూడా కలిసి ఉంటుంది. నాయిస్ క్యాన్సిలేషన్ వేసి, ఒక్క చార్జికి ఎంతసేపు వస్తుందో చూడండి.