పేర్ల వరుస కాదు, ప్రశ్నల వరుస

ఎంబీఏ డిసర్టేషన్‌కు ‘ప్రాజెక్టుల విజయ కారకాలు’ అంశంగా తీసుకున్న విద్యార్థి చాలాసార్లు సాహిత్య సమీక్ష దగ్గర తడబడతాడు. పత్రాలు చదువుతాడు, ఒక్కోదానికి ఒక్కో పేరా రాస్తాడు. అంతా చదివిన గైడు అడిగేది ఒక్కటే: “ఇంతకీ నువ్వు తేల్చిందేమిటి?”

చిక్కు మొదట్లోనే ఉంది. విజయాన్ని దేనితో కొలుస్తాం, అది దేనివల్ల వస్తుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది కొలమానం, రెండోది కారకం. సిడ్నీ ఒపెరా హౌస్‌నే చూడండి. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లతో 1963కు పూర్తవుతుందనుకున్న భవనం 1973లో తెరుచుకుంది. ఖర్చు 10.2 కోట్లకు చేరింది. గడువు, బడ్జెట్‌లతో కొలిస్తే అది విఫలం. కానీ 2007లో అదే భవనం యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

కాబట్టి అధ్యాయం మొదటి భాగంలో కొలమానాలే రావాలి. సమయం, ఖర్చు, నాణ్యత మాత్రమే చాలవని 1999లో అట్కిన్సన్ వాదించాడు. సంస్థకూ, ప్రాజెక్టుతో సంబంధమున్న ఇతరులకూ ఒరిగిన మేలునూ లెక్కలోకి తెచ్చాడు.

రెండో భాగం కారకాలది. 1987లో పింటో, స్లెవిన్ పది కారకాలు చెప్పారు. 1996లో బెలస్సి, టుకెల్ కారకాలను నాలుగు వర్గాలుగా సర్దారు: ప్రాజెక్టు, మేనేజరు-బృందం, సంస్థ, బయటి పరిస్థితులు. మీరు చదివిన పత్రాలను ఈ నాలుగింటి కింద పేర్చుకోవచ్చు.

మూడో భాగంలో ఈ రెంటినీ కలపాలి. అందుకు ముందే ఒక పట్టిక గీసుకోండి. అడ్డవరుసకో పత్రం. నిలువు గళ్లలో రంగం, ఎవరిని అడిగారు, విజయాన్ని దేనితో కొలిచారు, ఏ కారకాలు తేలాయి అన్నవి రాయండి. ఇక పత్రం వెంట కాక, గడి వెంట పైనుంచి కిందికి చదవండి. ‘పై యాజమాన్యం అండ’నే తీసుకుందాం. పింటో, స్లెవిన్ దాన్ని జాబితాలో ఒక కారకంగా చూపారు. బెలస్సి, టుకెల్ సంస్థ వర్గంలో చేర్చి, ఒక కారకం మరోదాన్ని ఎలా ప్రభావితం చేస్తుందన్న ప్రశ్న లేపారు. అప్పుడు మీ పేరా “పింటో ఇలా అన్నాడు” అని మొదలవదు. “యాజమాన్యం అండ నేరుగా పనిచేస్తుందా, మేనేజరు ద్వారానా అన్నదే తేలాల్సిన విషయం” అని మొదలవుతుంది.

రాశాక ప్రతి పేరా మొదటి వాక్యం మాత్రమే చదువుకుంటూ పోండి. అన్నీ రచయితల పేర్లతోనే మొదలైతే అది ఇంకా జాబితాయే. వాక్యాలు ఒకదాన్నొకటి అందుకుంటుంటే సమీక్ష కుదిరినట్టే.

పట్టికలో ఖాళీ గడి కనిపిస్తే అదే పరిశోధన లోటని వెంటనే రాసేయకండి. అది మీ వెతుకులాటలో లోటు కూడా కావచ్చు. వేరే పదాలతో మళ్లీ వెతకండి. అప్పటికీ ఖాళీగానే ఉంటే, మీ పరిశోధన ప్రశ్న అక్కడే ఉంది.