ఐదు నిమిషాల పాఠం, ఒక పేజీ ఫారం

బీఈడీలో మైక్రో టీచింగ్ మొదలవగానే ఛాత్రోపాధ్యాయులను తికమక పెట్టే నైపుణ్యాల్లో ఉద్దీపన వైవిధ్యం ఒకటి. పిల్లల దృష్టి జారిపోకుండా టీచరు తన కదలికను, సైగలను, గొంతును, మౌనాన్ని, పిల్లలతో మాట్లాడే తీరును మారుస్తూ ఉండటమే ఇది. చదివితే సులువే. చేయబోతే చాలామంది బోనులో పులిలా ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతారు.

1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన మైక్రో టీచింగ్ సూత్రం చిన్నది: కొద్దిమంది విద్యార్థులు, కొద్ది నిమిషాలు, ఒకే నైపుణ్యం. మన ఎన్‌సీఈఆర్‌టీ నమూనాలో ఒక ఆవృత్తికి 36 నిమిషాలు పడుతుంది. బోధనకు 6, ఫీడ్‌బ్యాక్‌కు 6, పాఠాన్ని మళ్లీ సిద్ధం చేసుకోవడానికి 12, మళ్లీ బోధించడానికి 6, మళ్లీ ఫీడ్‌బ్యాక్‌కు 6. దిద్దుకోవడానికి ఇచ్చిన సమయం పాఠానికి రెట్టింపు ఉంది చూడండి. బోధనను ఐదు నిమిషాలకు కుదించుకుని సొంతంగా సాధన చేసేవారు కూడా ఆ భాగాన్ని మాత్రం తగ్గించకూడదు.

ముందు పాఠ్యాంశం ఎంపిక. ఐదు నిమిషాల్లో ‘బాష్పీభవనం’ మొత్తం చెప్పబోతే ఉపన్యాసమే మిగులుతుంది. ‘గాలి వీస్తే నీరు త్వరగా ఆవిరవుతుంది’ అన్న ఒక్క ముక్క చాలు. సామగ్రి తడిగుడ్డ, నోటుపుస్తకం, నల్లబల్ల. సీలింగ్ ఫ్యాను ఆపేయాలి, లేకపోతే ప్రయోగమే తప్పుతుంది.

ఒక ఛాత్రోపాధ్యాయిని ఈ పాఠాన్ని ఇలా రాసుకుందనుకుందాం. మొదటి నిమిషంలో మాట లేకుండా బల్ల మీద ఒకే సైజులో రెండు తడి మచ్చలు వేసి, ఒక క్షణం ఆగి, “ఏది ముందు ఆరుతుంది?” అని అడుగుతుంది. రెండో నిమిషంలో ఒక విద్యార్థిని పిలిచి కుడి మచ్చకు నోటుపుస్తకంతో విసరమంటుంది, తాను పక్కకు తప్పుకుంటుంది. మూడో నిమిషంలో గొంతు తగ్గించి, “కుడి మచ్చ అంచు చూడండి” అని వేలితో చూపి ఊరుకుంటుంది. నాలుగో నిమిషంలో ఎందుకిలా జరిగిందో ఇద్దరు పిల్లలను ఒకరితో ఒకరు చర్చించుకోమంటుంది. అయిదో నిమిషంలో మచ్చల పక్కన బాణం గుర్తులతో చిన్న బొమ్మ గీస్తుంది. ముసురు పట్టిన రోజున మచ్చ మూడో నిమిషానికి ఆరకపోవచ్చు. అందుకే ముందుగా ఒకసారి ఆరబెట్టి చూసుకుని, ఎంత పలుచగా తడపాలో తేల్చుకోవాలి.

ప్రణాళికలో ప్రతి మార్పు పక్కన ‘ఎందుకు’ అన్న గడి ఉండాలి. పక్కకు జరగడం బల్ల కనిపించడానికి, ఆగడం పిల్లలు ఊహించడానికి. కారణం రాయలేని కదలికను కొట్టేయడమే మేలు.

ఇక స్వీయ ఫీడ్‌బ్యాక్ ఫారం. చాలా ఫారాల్లో ‘కదలిక: బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు’ అని టిక్కు పెట్టే గడులుంటాయి. తనకు తాను మార్కులు వేసుకునేటప్పుడు ఎవరి చేయైనా మధ్య గడి దగ్గరే ఆగుతుంది. దానికి బదులు ఐదు నిమిషాలకు ఐదు అడ్డ వరుసలు గీసి, నాలుగు నిలువు గడులు పెట్టుకోవచ్చు: ఏ మార్పు చేశాను, ఏ సెకనులో, ఎందుకు, అప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారు. చివరి గడే అసలైనది, నింపడం కష్టమైనదీ అదే. అందుకే ఫోను టీచరు మీద కాక, పిల్లల ముఖాలు కూడా కనబడేలా గది పక్కన పెట్టాలి.

రికార్డింగును రెండుసార్లు చూడాలి. మొదట శబ్దం ఆపేసి కదలికలు, సైగలు మాత్రమే. తర్వాత తెర తిప్పేసి గొంతు, విరామాలు మాత్రమే. రెండూ కలిపి చూస్తే పాఠంలో పడిపోయి లెక్క మరిచిపోతాం.

మన ఛాత్రోపాధ్యాయిని ఫారంలో తేలిందేమిటి? మొదటి నిమిషంలో ప్రశ్న అడిగి మూడు సెకన్లు ఆగాలని రాసుకుంది, ఒక్క సెకనుకే “గాలి తగిలేదే కదా?” అని జవాబు తానే అందించేసింది. మూడో నిమిషంలో అంచు చూడమంటూనే తానూ అటూ ఇటూ నడిచింది, పిల్లల కళ్లు మచ్చను వదిలి ఆమె వెంట వెళ్లాయి. నాలుగో నిమిషంలో “అర్థమైందా?” అని అడిగిన మూడుసార్లనూ ‘పరస్పర చర్య’ కింద రాసుకుంది. అందరూ కలిసి “ఆఁ” అన్నారంతే, పిల్లల మధ్య మాటే నడవలేదు. మార్పుల సంఖ్య చూస్తే నిండుగా ఉంది, ‘పిల్లలు’ గడి చూస్తే ఖాళీ.

రెండోసారి బోధనకు అన్నీ దిద్దబోతే ఏదీ కుదరదు. ఆమె రెండే మార్చుకుంది: ప్రశ్న తర్వాత మనసులో మూడు లెక్కపెట్టడం, మచ్చ చూపేటప్పుడు కాలు కదపకపోవడం.

ఈ సాధనకు ఒక పరిమితి ఉంది. ఎదుట కూర్చునేది తోటి బీఈడీ విద్యార్థులైతే వాళ్లకు జవాబు ముందే తెలుసు, విసుగొచ్చినా మర్యాదకు కూర్చుంటారు. ఆరో తరగతి పిల్లల్లా పక్కవాడి జామెట్రీ బాక్సు తెరవరు. వాళ్ల ముఖాలు చూసి నింపిన నాలుగో గడిని పూర్తిగా నమ్మలేం. టీచింగ్ ప్రాక్టీసుకు బడికి వెళ్లాక అదే తడి మచ్చల పాఠాన్ని అదే ఫారంతో నిజమైన పిల్లల ముందు మరోసారి చేసి, రెండు ఫారాలనూ పక్కపక్కన పెట్టుకోవాలి.