ఓటీపీ అడిగారా? ఫోన్ పెట్టేయండి

ఈ నినాదం భయపెట్టదు, చేయాల్సిన పని చెబుతుంది. అందుకే నాకు నచ్చింది.

"కేవైసీ ఆగిపోయిందమ్మా, మెసేజ్‌లో వచ్చిన నంబరు చెప్పండి" అంటాడొకడు. అప్పటికే మీ కార్డు వివరాలతో ఏదో కొనడం మొదలుపెట్టి ఉంటాడు. అతని దగ్గర లేనివి ఆ ఆరంకెలే. మెసేజ్ మొత్తం చదవండి. చాలాసార్లు అందులో కేవైసీ ఊసే ఉండదు, రూ.18,500 చెల్లింపు అని ఉంటుంది. కొద్ది నిమిషాల్లో ఆ ఓటీపీ చెల్లదు కాబట్టే అంత తొందరపెడతాడు. బ్యాంకు సిబ్బందికి మీ ఓటీపీతో ఏ పనీ ఉండదు.

మాట మధ్యలో ఫోన్ పెట్టేయడానికి మన పెద్దవాళ్లకు మొహమాటం. ఇక్కడ అది అక్కర్లేదు. ఒకవేళ చెప్పేసి ఉంటే వెంటనే కార్డు బ్లాక్ చేయించి, 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.