617 అంకెల తాళం

ఇంటర్నెట్‌లో ఏదైనా కొని కార్డు మీది పదహారు అంకెలు టైప్ చేస్తే, అవి మన ఇంటి రూటరు, ఇంటర్నెట్ కంపెనీ యంత్రాలు, మధ్యలో మనకు తెలియని మరెన్నో యంత్రాలు దాటుకుంటూ దుకాణానికి చేరతాయి. దారిలో ఎవరైనా తొంగిచూడవచ్చు కాబట్టి వాటిని గుప్తలిపిలోకి మార్చి పంపాలి. గుప్తలిపి వేల ఏళ్ల నాటి విద్యే. అయితే పాత పద్ధతులన్నిటికీ ఒక షరతు ఉండేది. పంపేవారి దగ్గరా, అందుకునేవారి దగ్గరా ఒకే తాళంచెవి ముందుగానే ఉండాలి. రాజులు దాన్ని నమ్మకస్థుడైన దూత చేతికిచ్చి పంపేవారు. మనం ఎన్నడూ చూడని దుకాణానికి ఎవరి చేత పంపాలి? కార్డు నంబరు వెళ్లే దారిలోనే పంపితే అది దొంగకూ దొరుకుతుంది.

1976లో అమెరికా శాస్త్రవేత్తలు విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ఈ షరతునే ప్రశ్నించారు. వేయడానికి ఒక తాళంచెవి, తీయడానికి వేరొకటి ఉంటే? వేసేదాన్ని ఊరంతటికీ పంచిపెట్టవచ్చు, తీసేది మాత్రం ఇల్లు దాటనక్కర్లేదు. ఆలోచన బాగుంది కానీ, అలా పనిచేసే గణితం అప్పటికి వాళ్ల చేతిలో లేదు. ఎంఐటీలో రోనాల్డ్ రివెస్ట్, ఆది షమీర్, లెనార్డ్ ఆడెల్మన్ దాని కోసం వెతకడం మొదలుపెట్టారు. మొదటి ఇద్దరూ ఒకదాని తర్వాత ఒకటిగా పద్ధతులు తెచ్చేవారు, ఆడెల్మన్ వాటిలో లొసుగు పట్టేవాడు. 1977 ఏప్రిల్‌లో ఒక రాత్రి రివెస్ట్‌కు తట్టిన పద్ధతిలో మాత్రం ఆడెల్మన్‌కు ఏ లొసుగూ దొరకలేదు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో దానికి ఆర్‌ఎస్‌ఏ అనే పేరు నిలిచిపోయింది. ఇదే పద్ధతిని 1973లోనే బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూలో క్లిఫర్డ్ కాక్స్ కనుక్కున్నాడు. రహస్య సంస్థ కావడంతో ఆ సంగతి 1997 దాకా లోకానికి తెలియలేదు.

పద్ధతి ఎలా పనిచేస్తుందో చిన్న అంకెలతో చేసి చూద్దాం. దుకాణం 5, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలను ఎంచుకుని గుణించింది. లబ్ధం 55. దీనితో పాటు 3 అనే అంకెను కూడా బయటపెట్టింది. ఈ రెండూ కలిపి బహిరంగ కీ. మనం 8 అనే అంకెను రహస్యంగా పంపాలి. 8ని మూడుసార్లు వేసి గుణిస్తే 512. దాన్ని 55తో భాగిస్తే శేషం 17. దారిలో వెళ్లేది ఈ 17 మాత్రమే.

దుకాణం దీన్ని విప్పడానికి తన రెండు ప్రధాన సంఖ్యల నుంచి ఒక్కొక్కటి తీసేసి గుణిస్తుంది: 4 × 10 = 40. ఇప్పుడు 3తో గుణించి 40తో భాగిస్తే శేషం 1 రావాల్సిన అంకె కావాలి. అది 27, ఎందుకంటే 3 × 27 = 81. ఈ 27 రహస్య కీ. 17ని 27 సార్లు వేసి గుణించి, 55తో భాగిస్తే శేషం సరిగ్గా 8. చేతితో చేసేవారు ప్రతి మెట్టులోనూ 55తో భాగించి శేషాన్నే ముందుకు తీసుకెళితే లెక్క ఒక చిన్న కాగితంలో సరిపోతుంది.

దొంగకు 55 తెలుసు, 3 తెలుసు, 17 తెలుసు. 27 కావాలంటే 40 తెలియాలి, 40 కోసం 5, 11 తెలియాలి. 55ను విడదీయడం బడిపిల్లల పని కాబట్టి ఈ తాళం ఆటబొమ్మే. ఇప్పుడు చాలా వెబ్‌సైట్ల ఆర్‌ఎస్‌ఏ కీలో ఆ 55 స్థానంలో 2048 బిట్ల సంఖ్య, అంటే 617 అంకెల లబ్ధం ఉంటుంది. దాని వెనుకనున్న రెండు ప్రధాన సంఖ్యలు ఒక్కొక్కటీ మూడు వందల అంకెలు దాటినవి. వాటిని గుణించడానికి ఫోనుకు రెప్పపాటు కాలం కూడా పట్టదు. లబ్ధాన్ని చూసి వాటిని తిరిగి రాబట్టే త్వరిత మార్గం మాత్రం మామూలు కంప్యూటర్లకు ఇంతవరకూ దొరకలేదు. అలాంటి మార్గం లేనేలేదని కూడా ఎవరూ నిరూపించలేదు.

అంత పెద్ద ప్రధాన సంఖ్యలు ఎక్కడ దొరుకుతాయి? జాబితా ఏదీ ఉండదు, ఉంటే దొంగ కూడా చదివేస్తాడు. కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఒక పెద్ద బేసి సంఖ్యను తీసుకుని, అది ప్రధానమో కాదో పరీక్షిస్తుంది. కాకపోతే ఇంకొకటి తీసుకుంటుంది. ఈ పరిమాణంలో సగటున 355 బేసి సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య కాబట్టి కొన్ని వందల ప్రయత్నాల్లో పని అయిపోతుంది. పరీక్షకు వాడేది సాధారణంగా మిల్లర్–రాబిన్ పద్ధతి. ప్రధానం కాని సంఖ్య ఒక విడతలో దీని కన్నుగప్పే అవకాశం నాలుగో వంతుకు మించదు. ఇరవై విడతలు జరిపితే అది లక్ష కోట్లలో ఒకటికి పడిపోతుంది. ఆ కాస్త అనుమానానికీ తావులేని త్వరిత పద్ధతి ఉండగలదా అన్న పాత ప్రశ్నకు 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఉందని జవాబిచ్చారు. సిద్ధాంతపరంగా అది గొప్ప ఫలితం. కానీ రోజువారీ పనికి మిల్లర్–రాబినే వేగం కాబట్టి కీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ దాన్నే అంటిపెట్టుకుంది.

ఎన్ని అంకెలుంటే చాలు అన్నది ఈ తాళం పుట్టినప్పటి నుంచీ తేలని పేచీ. 1977 ఆగస్టులో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో ఆర్‌ఎస్‌ఏను పరిచయం చేస్తూ, 129 అంకెల లబ్ధంతో దాచిన ఒక సందేశాన్ని అచ్చువేశాడు. విప్పినవారికి వంద డాలర్ల బహుమతి. ఆనాటి పద్ధతులతో దానికి 4 పక్కన 16 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు పడుతుందని అంచనా కట్టారు. 1994 ఏప్రిల్‌లో అది విడిపోయింది. దాదాపు 600 మంది ఔత్సాహికులు తమ కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా ఈ పనికి అప్పగించి ఎనిమిది నెలల్లో ముగించారు. యంత్రాల వేగం పెరగడం ఒక్కటే కారణం కాదు, విడదీసే గణితమూ మెరుగుపడింది. అంచనా తప్పింది అక్కడే. ఆ తర్వాత 2020లో 250 అంకెల సంఖ్య విడిపోయింది. దానికైన శ్రమ ఒకే ప్రాసెసర్ కోరు చేస్తే సుమారు 2,700 ఏళ్ల పని. 617 అంకెలకు ఇంకా చాలా దూరం ఉంది.

అంకెలు తక్కువైతే ఏమవుతుందో ఫ్రాన్స్ బ్యాంకులు చూశాయి. అక్కడి చిప్ కార్డు అసలైనదేనని దుకాణంలోని యంత్రం నమ్మడానికి, కార్డులో బ్యాంకుల రహస్య కీతో చేసిన డిజిటల్ సంతకం ఉండేది. ఆ కీ వెనుక ఉన్నది 320 బిట్ల, అంటే 97 అంకెల లబ్ధం. అప్పట్లో అది గట్టిదే. 1990ల చివరికి సెర్జ్ అంపిష్ అనే ఇంజినీరు దాన్ని మామూలు కంప్యూటర్ మీద విడదీసి, సొంతంగా కార్డులు తయారుచేసి, పారిస్ మెట్రో యంత్రాల్లో టికెట్లు కొని చూపించాడు. కోర్టు అతనికి సస్పెండెడ్ శిక్ష వేసింది. బ్యాంకులు మాత్రం కీ పొడవు పెంచక తప్పలేదు. చెలామణిలో ఉన్న కార్డులన్నీ ఒక్కరోజులో మారవు కాబట్టి, తాళం పాతబడక ముందే మార్చడం మొదలుపెట్టాలన్నది దీని పాఠం.

ఇక పొడవు సరిపోయినా పోయే దారి ఒకటుంది. 2012లో నాడియా హెనింగర్, మరి ముగ్గురు పరిశోధకులు ఇంటర్నెట్ మొత్తాన్ని వెతికి లక్షల కొద్దీ బహిరంగ కీలు పోగుచేశారు. వాటిని ఒక్కొక్కటిగా విడదీయడానికి వాళ్లు ప్రయత్నించనే లేదు. రెండేసి కీలకు గ.సా.భా. కట్టారు. ఉదాహరణకు రెండు వేర్వేరు యంత్రాల లబ్ధాలు 11,413, 12,827 అనుకుందాం. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే శేషం 1,414. 11,413ను 1,414తో భాగిస్తే శేషం 101. 1,414ను 101తో భాగిస్తే శేషం సున్నా. కాబట్టి గ.సా.భా. 101. రెండు యంత్రాలూ ఒకే ప్రధాన సంఖ్యను వాడాయని తేలిపోయింది. మిగతావి 113, 127. రెండు తాళాలూ ఒకేసారి విడిపోయాయి. బడి గణితంలో నేర్చుకునే యూక్లిడ్ పద్ధతే ఇది. వందల అంకెల సంఖ్యల మీదా ఇంతే సులువుగా నడుస్తుంది.

వాళ్లు వెతికిన యంత్రాల్లో సుమారు అర శాతం కీలు ఇలా బయటపడ్డాయి. ఎక్కువగా రూటర్లు, ఫైర్‌వాల్ పెట్టెల వంటి చిన్న పరికరాలవి, పెద్ద వ్యాపార సైట్లవి కావు. కారణం గణితంలో లేదు. ఆ పరికరాలు మొదటిసారి స్విచ్ వేయగానే కీ తయారుచేసుకుంటాయి. అప్పటికి వాటి దగ్గర యాదృచ్ఛికత పోగుపడి ఉండదు. ఒకే స్థితిలో మొదలైన రెండు పరికరాలు ఒకే ప్రధాన సంఖ్య దగ్గరకు చేరతాయి. ఏదో ఒక ప్రధాన సంఖ్య సరిపోదు, మరెవరూ ఊహించలేనిదై ఉండాలి.

ఇవాళ్టి ఆన్‌లైన్ చెల్లింపులో ఈ తాళం చేసే పని మొదట్లో చేసినది కాదు. అప్పుడు కూడా బ్రౌజరు కార్డు నంబరును సాధారణంగా ఆర్‌ఎస్‌ఏతో నేరుగా దాచేది కాదు, అది నెమ్మది. బ్రౌజరు ఒక తాత్కాలిక రహస్యాన్ని ఆర్‌ఎస్‌ఏతో దాచి పంపేది. దాన్నుంచి పుట్టిన కీతో ఏఈఎస్ వంటి వేగమైన పద్ధతి మిగతాదంతా దాచేది. ఇందులో ఒక చిక్కుంది. గుప్తలిపి మొత్తాన్ని ఎవరైనా రికార్డు చేసి ఉంచుకుంటే, దుకాణం రహస్య కీ ఐదేళ్ల తర్వాత లీకైనా పాత చెల్లింపులన్నీ చదివేయవచ్చు. అందుకే 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3 ఆ పనిని ఆర్‌ఎస్‌ఏ నుంచి తీసేసింది. ఇప్పుడు రెండు వైపులా ప్రతిసారీ కొత్త రహస్యం తయారుచేసుకుని, పని కాగానే చెరిపేస్తాయి. ఆర్‌ఎస్‌ఏకు మిగిలింది సంతకం పని: ‘ఈ సైటు పేరు ఇదే’ అని బ్రౌజరుకు రుజువు చూపడం. కొన్ని సైట్లు ఆ సంతకానికీ వేరే పద్ధతి వాడుతున్నాయి. పేరు నిజమని తేలినంత మాత్రాన మనిషి మంచివాడని తేలదు. మోసగాడు తన సొంత పేరుతో తెరిచిన సైటుకూ తాళం గుర్తు వస్తుంది. ఓటీపీ మనమే చెప్పేస్తే 617 అంకెలూ చేయగలిగేదేమీ లేదు.

తాత్కాలిక రహస్యం తయారుచేసే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది 2²⁵⁵ − 19 అనే 77 అంకెల ప్రధాన సంఖ్య మీద నడుస్తుంది. దాన్ని దాచనక్కర్లేదు, అందరికీ తెలిసిందే. అక్కడి కష్టం వేరే లెక్కది. అయితే తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే ఆ లెక్కనూ, ఆర్‌ఎస్‌ఏనూ ఛేదించే మార్గాన్ని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. అలాంటి యంత్రం ఇంకా లేదు. అయినా ఫ్రెంచి కార్డుల అనుభవం తర్వాత ఎవరూ ఆఖరి నిమిషం దాకా ఆగదలచుకోలేదు. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ఎంఎల్–కెమ్ అనే కొత్త పద్ధతిని ఖరారు చేసింది. అందులోనూ ఒక ప్రధాన సంఖ్య ఉంది, 3329. అది నాలుగంకెలదే, బహిరంగమే. భద్రతంతా కావాలని చిన్న చిన్న తప్పులు కలిపిన సమీకరణాలను విప్పడంలోని కష్టం మీద ఆధారపడి ఉంటుంది. పెద్ద సంఖ్యను విడదీయలేకపోవడానికి అందులో పనే లేదు.