మోకాలు ముందుకొస్తే తప్పా? ఏడు స్లైడ్లలో ఒక జిమ్ పాఠం

స్క్వాట్ చేసేటప్పుడు మోకాలు కాలివేళ్లను దాటి ముందుకు రాకూడదని చాలా జిమ్ముల్లో గట్టిగా చెబుతారు. ఈ మాటను 2003లో ఆండ్రూ ఫ్రై బృందం ప్రయోగం చేసి పరీక్షించింది. బార్‌బెల్ మోస్తూ స్క్వాట్ చేసేవాళ్ల మోకాళ్ల ముందు ఒక చెక్క పలకను అడ్డుపెట్టి, కీళ్ల మీద పడే టార్క్‌ను, అంటే కీలును తిప్పే బలాన్ని లెక్కగట్టారు. మోకాలి మీద అది కొంత తగ్గింది. కానీ నడుము ముందుకు వంగిపోవడంతో తుంటి మీద ఎన్నో రెట్లు పెరిగింది.

ఒక ట్రైనర్ ఈ సంగతిని ఇన్‌స్టాగ్రామ్ కరౌసెల్‌గా తన శిష్యులకు చెప్పాలనుకున్నాడనుకుందాం. ఒక పోస్టులో 20 స్లైడ్ల దాకా పెట్టే వీలుంది. ఈ పాఠానికి ఏడు చాలు.

మొదటి స్లైడు మీద ఏం రాయాలన్నదే అసలు చిక్కు. ‘మోకాలు కాలివేళ్లను దాటకూడదు’ అని పెద్దక్షరాల్లో రాసి, అది అపోహ అని రెండో స్లైడులో చెబితే, వేలు జరపకుండా వెళ్లిపోయినవాళ్లకు ఆ అపోహే మిగులుతుంది. పాఠం చెప్పబోయి తప్పును బలపరిచినట్టవుతుంది. అందుకే అక్కడ ప్రశ్న ఉండాలి: ‘మోకాలు వేళ్లను దాటితే ప్రమాదమా?’ రెండో స్లైడులో సూటిగా జవాబు: ‘స్క్వాట్‌లో మోకాలు వేళ్లను దాటడం ప్రమాదం కాదు. ఆరోగ్యంగా ఉన్న మోకాలు కొంత ముందుకు రావడం సహజం.’ మొదటి స్లైడును చూసి దాటేసినవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ ఒక్కోసారి అదే పోస్టును రెండో స్లైడుతో మళ్లీ చూపిస్తుంది. కాబట్టి రెండోది ముందుదాని ఆసరా లేకుండానే అర్థం కావాలి. ‘దీనికి జవాబు ఇదిగో’ అంటే అక్కడ పనికిరాదు.

మూడో స్లైడులో కారణం. పక్కనుంచి చూసినట్టు రెండు బొమ్మలు గీయాలి: మోకాలు ఆపితే వంగిన నడుము, ఆపకపోతే నిటారుగా ఉన్న నడుము. వివరణను కింద పేరాగా కాకుండా ఆయా కీళ్ల పక్కనే రాయాలి. బొమ్మ ఒకచోట, మాట మరోచోట ఉంటే కన్ను అటూ ఇటూ తిరిగే శ్రమలోనే ఆలోచన ఖర్చవుతుంది. నాలుగులో సరైన పద్ధతి: మడమలు నేల మీదే, మోకాలు కాలివేళ్ల దిశలోనే. ఐదులో తప్పులు: మోకాళ్లు లోపలికి ఒరగడం, మడమలు లేవడం. ఆరులో హద్దు: నొప్పి, వాపు, పాత గాయం ఉన్నవాళ్లు ముందు డాక్టరును కలవాలి.

ఇక అక్షరం. సాధారణంగా స్లైడును 1080 పిక్సెళ్ల వెడల్పు, 1350 ఎత్తుతో తయారుచేస్తారు. ఫోన్ తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు. అంటే తెర మీద ఒక మిల్లీమీటరులో దాదాపు 15 పిక్సెళ్లు ఇమిడిపోతాయి. కన్ను ఇబ్బంది లేకుండా వేగంగా చదవాలంటే అక్షరం ఒంటి ఎత్తు కంటి దగ్గర డిగ్రీలో అయిదో వంతు కోణమైనా చేయాలి. ఫోన్‌ను 35 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది 1.2 మిల్లీమీటర్లు, అంటే 18 పిక్సెళ్లు. ఫాంటు సైజులో అక్షరం ఒంటికి దక్కేది ఇంచుమించు సగమే. మిగతాది గుడులకూ ఒత్తులకూ పోతుంది. అలా లెక్క 36 దగ్గర తేలుతుంది. తెలుగుకు ఇది చాలదని నా అభిప్రాయం. ద, ధల మధ్య తేడా ఒక చిన్న గీతే. వచనానికి 48, శీర్షికకు 90 పెడితే నిశ్చింత. వరుసల మధ్య దూరం కూడా ఫాంటు సైజుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ల్యాప్‌టాప్‌లో స్లైడు ఫోన్‌లో కంటే దాదాపు రెట్టింపు వెడల్పుగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ 28 సైజు కూడా చక్కగానే అనిపించి మోసం చేస్తుంది. 48లో మాటలు పట్టకపోతే సైజు తగ్గించకూడదు, మాటలు తగ్గించాలి.

ఏడో స్లైడు పని చెప్పేది. లైక్ చేయండి, షేర్ చేయండి, ఫాలో అవండి, కామెంట్ పెట్టండి అని నాలుగూ అడిగితే నేర్చుకున్నది చేతల్లోకి రాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలో ముందే ముడిపెట్టుకున్నవాళ్లు అనుకున్న పనిని ఎక్కువగా పూర్తిచేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపాయి. అందుకని ఇలా రాయొచ్చు: ‘రేపు వార్మప్ అవగానే ఫోన్‌ను పక్కన నిలబెట్టి, బరువు లేకుండా ఐదు స్క్వాట్లు వీడియో తీయండి. మడమ లేస్తోందా చూడండి.’ కింద చిన్నగా ఒక్క మాట: ‘అప్పటిదాకా ఈ పోస్టు సేవ్ చేసుకోండి.’

పోస్టు చేసేముందు కొత్తగా చేరిన ఒకరి చేతికి ఫోన్ ఇవ్వాలి. ఏడు స్లైడ్లూ చూశాక ఫోన్ వెనక్కి తీసుకుని, ‘రేపు ఏం చేస్తారు?’ అని అడగాలి. జవాబులో వార్మప్, వీడియో, మడమ అన్న మూడు మాటలూ రాకపోతే చివరి స్లైడును తిరగరాయాలి. చదువుతూ ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారంటే, ఏ స్లైడు దగ్గర తెచ్చుకున్నారో చూసుకుని అక్కడ మాటలు తగ్గించి అక్షరం పెంచాలి.